పోయిందనుకున్న జబ్బు పేరు

మా పుట్టింట్లో ఒక పట్టింపు ఉంది. నయమైన జబ్బు పేరు మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే పిలిచినట్టేనట, వచ్చి గడప దగ్గర నిలబడుతుందట. మా నాయినకు ఒకసారి పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో వినబడలేదు. "అప్పుడు నాయినకు పానం బాగలేకుండె గద" అనేవాళ్ళం, అంతే. చిన్నప్పుడు ఈ పట్టింపు చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

మాది నారాయణపేట. నాయిన మగ్గం నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. నేను డిగ్రీ అయ్యాక బజార్లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాను. అక్కడ ఉండగానే జబ్బు చేసింది. ఎంత తిన్నా చిక్కిపోయేదాన్ని. చీర మడత పెడుతుంటే చేతులు వణికేవి. కూర్చున్నచోటే గుండె దడదడలాడేది. మెడ ముందు వాపు వచ్చింది, కళ్ళు ముందుకు పొడుచుకొచ్చాయి. హైదరాబాద్ తీసుకుపోతే గ్రేవ్స్ జబ్బు అన్నారు. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తుందన్నమాట. గోలీలకు లొంగలేదు. చివరికి రేడియో అయోడిన్ మందు మింగించి ఆ గ్రంథిని పనికిరాకుండా చేశారు. ఇక దాని పని చేసే గోలీ బతికినన్నాళ్ళు వేసుకోవాలన్నారు.

"కాలిపోయింది పీడ. ఇగ దాని పేరెత్తకు బిడ్డా," అంది అమ్మ, నాకు దిష్టి తీసి మెటికలు విరుస్తూ.

నేను ఎత్తలేదు. గోలీ వేసుకోవడం మాత్రం మానలేదు. పెళ్ళయింది. ఆయనది చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. కిరాయి ఇంట్లో కాపురం పెట్టాం. ఆయనకు కూడా నాది "థైరాయిడ్" అనే తెలుసు. ఆయన అక్కకు, వదినకు, ఇంటి ఓనరమ్మకు, అందరికీ ఉన్నదే గదా.

కడుపుతో ఉన్నప్పుడు అక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకున్నాను. జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే థైరాయిడ్ గోలీ వేసుకుంటున్నా అన్నాను. రాసుకున్నారు. ఎందుకు వేసుకుంటున్నానో అడగలేదు. థైరాయిడ్ గోలీ అంటే తక్కువ పనిచేసే జబ్బే అనుకుంటారు, ఎక్కువమందికి అదే ఉంటుంది మరి. నా రక్తపరీక్ష ఎప్పుడు చేసినా నార్మల్. ఆ పరీక్ష నాకు గోలీ సరిపోతుందా లేదా అని చూసేది. లోపలి బిడ్డ సంగతి అది చెప్పదని నాకేం తెలుసు. చివరి నెలల్లో స్కాన్ తీసినాయన బిడ్డ గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, మళ్ళీ ఒకసారి చూపించుకోండి అన్నాడు. అప్పటికే తొలి కాన్పుకు పుట్టింటికి బయలుదేరాల్సిన రోజులు. అమ్మ తీసుకుపోవడానికి వచ్చి కూర్చుంది.

"హుషారైన పానం, గందుకే కొట్టుకుంటాంది. ఫికర్ చెయ్యకు," అంది.

మళ్ళీ చూపించుకోకుండానే పుట్టింటికి వచ్చేశాం. అనుకున్నదానికన్నా ముందే నొప్పులొచ్చాయి. నారాయణపేట దవాఖానలోనే కాన్పయింది. ఆడపిల్ల. కొంచెం చిన్నగా ఉంది కానీ ఏడుపు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేశారు. తల్లికి తక్కువ ఉంది కదా, బిడ్డకూ తక్కువ ఉందేమో చూద్దామని. తక్కువేమీ లేదు, భయం లేదు అన్నారు. నేను నిజంగానే సంతోషపడ్డాను. ఇంటికి వచ్చాం.

ఇంటికి వచ్చినవాళ్ళంతా పిల్ల కళ్ళ గురించే మాట్లాడారు. ఎంత పెద్ద కళ్ళో, ఎట్లా చూస్తుందో అని. పిల్ల రెప్ప వేయడమే మరిచినట్టు చూసేది. నిద్రపోయేది కాదు. ఆగకుండా పాలు తాగేది, తాగుతూనే చెమటలు పట్టేవి. మెత్తటి చీరతో కట్టిన ఉయ్యాల్లో వేస్తే ఒక్క నిమిషం ఉండేది కాదు. బరువు చూస్తే పుట్టినప్పటికన్నా తగ్గింది. అమ్మ నా పాలు చాలట్లేదని తేల్చి, నాకు వెల్లుల్లి కారం, పాలు, ఇంకా ఏమేమో పెట్టింది. పిల్లకు దిష్టి తీసింది. పిల్ల ఒళ్ళు వేడిగా ఉందని గుడ్డలు చుట్టడం మానేసింది. నాకు మాత్రం ఏదో గుర్తుకొస్తున్నట్టుండేది. ఎంత తిన్నా చిక్కిపోవడం, చెమటలు, పెద్ద కళ్ళు. అది ఎక్కడ చూశానో తెలుసు. అద్దంలో చూశాను. కానీ అది పోయింది కదా, అదీ నాది కదా, పిల్లదెట్లా అవుతుందని నన్ను నేనే కసురుకున్నాను.

ఒక పొద్దున పిల్ల పాలు పట్టడం మానేసింది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంది. ఎదమీద చెయ్యి పెడితే గుండె కొట్టుకోవడం లెక్కకు అందట్లేదు. ఆయన డ్యూటీలో ఉన్నాడు. నాయిన కారు మాట్లాడాడు. మహబూబ్‌నగర్ దవాఖానకు పోయేదాకా నేను పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను. అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

పిల్లల డాక్టరమ్మ నడివయసు మనిషి. పిల్లను లోపల పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టించింది. గుండె విన్నది. మెడ కింద వేలితో నెమ్మదిగా నొక్కి చూసింది. ఇన్ఫెక్షనేమోనని రక్తం పంపించింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడి, పిల్లను కాకుండా నన్ను చూసింది. నా కళ్ళను చూసింది.

"నువ్వేమన్న మందులు వాడుతున్నవా?"

"థైరాయిడ్ గోలీ మేడం."

"ఎందుకు?"

ఆ ఒక్క మాట అన్ని నెలల్లో ఎవరూ అడగలేదు. నేను నోరు తెరిచాను. పక్కనుంచి అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"అది పోయింది మేడం. ఇప్పుడు మంచిగనే ఉంది. పిల్ల గిట్ల పండుకున్నప్పుడు గా పేరు తీసుడెందుకు," అంది.

అమ్మ భయం నాకు తెలుసు. ఇక్కడ, ఇప్పుడు, ఈ పసిదాని తలాపున ఆ పేరు ఎత్తితే అది వచ్చి పిల్లను పట్టుకుంటుందని ఆమె భయం. నాకు కోపం ముంచుకొచ్చింది. చెయ్యి విదిలించుకున్నాను.

"గ్రేవ్స్ ఉండె మేడం. రేడియో అయోడిన్ ఇచ్చి కాల్చిన్రు. ఇది పెండ్లికి ముందటి ముచ్చట."

డాక్టరమ్మ సిస్టర్‌ను పిలిచి ఇంకో రక్తపరీక్ష రాసిచ్చింది. ఫలితం వచ్చేసరికి మందు మొదలుపెట్టనే పెట్టింది. పిల్ల రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఉండవలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది.

పిల్ల కాస్త నిలకడ మీదికి వచ్చాక, నన్ను, అమ్మను కూర్చోబెట్టి చెప్పింది. ఆమెకు విసుగు లేదు, తొందరా లేదు.

"నీ గ్రంథి దానంతట అది చెడిపోలే. నీ రక్తంలో యాంటీబాడీలని ఉంటయి. రోగాల మీద కొట్లాడేటివి. అండ్ల కొన్ని దారి తప్పి గ్రంథిని ఉసిగొల్పుతయి, పని చెయ్యి పని చెయ్యి అని. హైదరాబాద్ల గ్రంథిని కాల్చిన్రు. ఉసిగొల్పేటియి రక్తంలనే ఉన్నయి. అయోడిన్ మందు తర్వాత అవి ఇంకిన్ని పెరగొచ్చు, ఏండ్ల తరబడి ఉండొచ్చు. నీలో గ్రంథి లేదు గనుక నీకు తెలుస్తలేదు. కడుపులున్నప్పుడు అవి మాయ దాటి బిడ్డ ఒంట్లకు పోయినయి. బిడ్డకు గ్రంథి నిండుగుంది."

"మరి పుట్టంగనే టెస్టు చేసిన్రు గద మేడం, మంచిగుంది అన్నరు," అన్నాను.

"గది తక్కువుందా అని చూసే టెస్టు. ఎక్కువున్నోళ్ళు అండ్ల దొరకరు."

నేనే అడగాల్సింది అడిగాను. నా పాలల్లో కూడా అవే ఉన్నాయా, పాలు మాన్పించాలా అని. అడుగుతుంటే ఏడుపొచ్చింది. నా ఒంట్లో నుంచి పిల్లకు పోయేదంతా విషమే అనిపించింది.

"పాలకు, దీనికి సంబంధం లేదు. పొయ్యేది కడుపులున్నప్పుడే పోయింది. పాలియ్యి. నీ నుంచి కొత్తయి మళ్ళ పోతలేవు గనుక పిల్ల ఒంట్ల ఉన్నయి కొన్ని నెలలకు వాటంతట అవే అయిపోతయి. అందాక మందుతోని గుండెను, గ్రంథిని కాపాడుకోవాలె," అంది.

అట్లాగే కాపాడుకున్నాం. చిటికెడు గోలీని అరగదీసి, కొలిచి పట్టడం అమ్మే నేర్చుకుంది. గుండె నెమ్మదించే మందు ఒకటి, గ్రంథిని అణిచే మందు ఒకటి. పోయిన ప్రతిసారి రక్తం తీశారు, మందు తగ్గించారు. పిల్ల మొదటిసారి కడుపునిండా తాగి, కళ్ళు మూసుకుని నిద్రపోయిన మధ్యాహ్నం నేను దగ్గర కూర్చుని చాలాసేపు ఆ మూసుకున్న రెప్పలే చూశాను. నాలుగో నెల దాటాక మందులన్నీ ఆపేశారు. పిల్ల రక్తంలో ఆ యాంటీబాడీలు లేవు. అదే రోజు నా రక్తం కూడా పంపారు. నాలో అలాగే ఉన్నాయి.

అంతటితో దిగులు పోయిందనుకుంటే పొరపాటు. నడినెత్తి మీది మెత్తటి మాడు తొందరగా మూసుకుంటుందేమో, మాట ఆలస్యమవుతుందేమో అని డాక్టరమ్మ తల కొలుస్తూనే ఉంది. పిల్ల మాట్లాడింది, నడిచింది, ఇప్పుడు బడికి పోతుంది. అయినా పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడినప్పుడు నా చెయ్యి దాని ఎదమీదికే పోతుంది. ఆడి వచ్చిన పిల్ల గుండె వేగంగా కొట్టుకోదా మరి. నాకు తెలుసు. చెయ్యికి తెలియదు.

ఈ సంవత్సరం మళ్ళీ నెల తప్పాను. నిజం చెబితే సంతోషం కన్నా ముందు భయమే వచ్చింది. ఈసారి ఆగలేదు. మొదట్లోనే మహబూబ్‌నగర్ పోయాను. యాంటీబాడీల పరీక్ష ఇప్పుడే చేయించాలి, ఎక్కువుంటే మళ్ళీ మళ్ళీ చూడాలి, స్కానులో బిడ్డ గుండె, గొంతు చూడాలి, పుట్టాక మొదటి రోజుల్లోనే బిడ్డ రక్తం చూడాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అమ్మ వెంట వస్తానంది.

కాన్పుల డాక్టరు కొత్తామె, చిన్న వయసు. తల ఎత్తకుండానే అడిగింది.

"జబ్బులేమన్న ఉన్నయా?"

చెప్పాల్సింది ఎలా మొదలుపెట్టాలో నేను సర్దుకుంటున్నాను. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"గ్రేవ్స్, మేడం. గ్రంథి కాల్పించినం. పోయిందనుకున్నం," అంది అమ్మ. "పోలే. నా బిడ్డ నెత్తుర్లనే ఉంది. రాసుకోన్రి."