చెప్పనంతకాలం చెల్లిన స్టాంపు

నా స్టాంపు చిన్నది. గుండ్రటి రబ్బరు ముక్క, మధ్యలో నాలుగు అంకె. కంచన్‌బాగ్ దాటి లోపలికి వెళ్తే, పెద్ద ఫ్యాక్టరీలకు ఇనుప పిన్నులు, బుష్షులు చేసిచ్చే షెడ్డు మాది. మిషన్ మీద ఒక విడతగా తయారైన సరుకు, అంటే లాటు, నా బల్ల మీదికి వస్తుంది. మైక్రోమీటరుతో కొలుస్తాను. సరిగ్గా ఉంటే పచ్చ చీటీ కట్టి స్టాంపు కొడతాను, లేకుంటే ఎర్ర చీటీ కడతాను. స్టాంపు పడనిదే ఏ పిన్నూ గేటు దాటదు. ఏడో తరగతి పూర్తి చేయనివాణ్ణి. పురానాపూల్ దగ్గర పాత కాగితాల దుకాణంలో చిరిగిన పుస్తకాలు కొనుక్కుని డ్రాయింగులు చదవడం నేర్చుకున్నాను. బడి ఇవ్వని సర్టిఫికెట్టు ఆ నాలుగు అంకె ఇచ్చింది.

దాన్ని నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ఒక్క తప్పు లాటు మీద కూడా నేను దాన్ని కొట్టలేదు. నా జబ్బు పేరు చెప్పాను, అంతే.

రెండేళ్ల కిందటి మాట. అప్పటికే రిటైరై, ఏడాదికోసారి కాంట్రాక్టు రాయించుకుంటూ పనిచేస్తున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. ఇరానీ చాయ్ కూడా వేడినీళ్లలా ఉండేది. కొలిచిన పిన్నునే మళ్లీ మళ్లీ, పదిసార్లు కొలిచేవాణ్ణి. లెక్క తప్పుతుందేమోనని కాదు, స్టాంపు ఎత్తితే చెయ్యి కిందికి దిగేది కాదు. గుండెజబ్బేమో అనుకుంటూ తొమ్మిది నెలలు నెట్టుకొచ్చాను. ఈసీజీలో ఏమీ లేదు. ఆ డాక్టరే మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. ఆమె ఓపికగా అన్నీ అడిగి, ఇది డిప్రెషన్, దానితోపాటు ఆందోళన కూడా ఉంది అని చెప్పింది. మాత్ర రాసింది. "మొదట్లో కడుపులో వికారంగా ఉండొచ్చు, నోరు ఎండొచ్చు. గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. తగ్గిందని మీ అంతట మీరు ఆపేయకండి" అంది. రెండు వారాలకోసారి శుక్రవారం పొద్దున రమ్మంది. నిద్ర దారిన పడేదాకా రాత్రి డ్యూటీ వద్దంది.

చిక్కు అక్కడ వచ్చింది. రాత్రి డ్యూటీ వద్దంటే కారణం చెప్పాలి.

"జ్వరమని రాయి" అంది నా భార్య.

"రెండు వారాలకోసారి, శుక్రవారం శుక్రవారమే వస్తదా జ్వరం?"

"అయితే నడుము నొప్పను. నడుము నొప్పికి వారం, తిథి ఉండవు. నిన్ను గాళ్లు పిచ్చోడంటరయ్యా. మార్చిల కాంట్రాక్టు రాయరు."

ఆమె మాటలో మొదటి సగం నిజమైంది. అయినా ముప్పై ఏళ్లుగా, ఉన్న కొలతను ఉన్నట్టే రాసిన చేతితో లేని జ్వరం రాయడానికి నాకు మనసొప్పలేదు. మేనేజరు దగ్గరికి వెళ్లాను. నలభై దాటని మనిషి. ఇంజనీరింగు చదివి మా షెడ్డుకు కొత్తగా వచ్చినప్పుడు మైక్రోమీటరు ఎంత బిగించాలో వేళ్లు పట్టుకుని నేర్పింది నేనే. తలుపు వేసి, జబ్బు పేరుతో సహా అంతా చెప్పాను.

"కాకా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కళ్లలో నిజంగానే జాలి ఉంది. "రాత్రి డ్యూటీ తీసేస్త. శుక్రవారం లేటుగా రా. నా కడుపుల మాట బయటికి రాదు."

మరుసటి సోమవారం ఆ మాట అందరి ఫోన్లలోనూ ఉంది. వారం డ్యూటీల చార్టు వాట్సాప్ గ్రూపులో పెడతారు. నా పేరు పక్కన గడిలో ఇంగ్లీషులో 'డిప్రెషన్, నో నైట్' అని టైపు చేసి ఉంది. వెల్డింగు వాళ్ల నుంచి గేటు కాపలాదారు దాకా అందరూ చదివారు.

"అది ఎందుకు రాసినవ్ సార్?" అని అడిగాను. అప్పటిదాకా 'బేటా' అనేవాణ్ణి.

"ముసలాయనకు నైట్ ఎందుకు లేదని అందరు అడుగుతరు కాకా. నీ దిక్కు తరఫ్‌దారీ చేస్తున్ననంటరు. గందుకే రాసిన."

"గట్లయితే 'డాక్టరు సలహా' అని రాస్తే చాలదా?"

తీసేస్తానన్నాడు, తీసేశాడు కూడా. చదివిన కళ్లలోంచి ఎలా తీస్తాడు?

ఆ మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి నా బల్ల మీద ఒక స్క్రూడ్రైవరు ఉంది. ఎవరూ నవ్వలేదు. అందరూ తమ తమ మిషన్ల మీదికి వంగి ఉన్నారు. దాని అర్థం నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆ పరాచికం ఆడినవాణ్ణి నేనే. వయసులో ఉన్నప్పుడు నేను పనిచేసిన మరో షెడ్డులో లేతు నడిపే ఒక టర్నరు, తన మనసు బాగాలేదు, పది రోజులు సెలవు కావాలని ఫోర్మన్‌ను అడిగాడు. మేం వాడికి 'ఇస్క్రూ ఢీలా', తలలో మర వదులైనవాడు, అని పేరు పెట్టాం. వాడి అన్నం డబ్బాలో స్క్రూడ్రైవరు పెట్టి "బిగించుకో భాయ్" అన్నది నేను. అందరూ పడీ పడీ నవ్వారు, వాడూ నవ్వాడు. నెల తిరక్కుండానే పని మానేశాడు. ఎక్కడికి పోయాడో ఎవరూ కనుక్కోలేదు, నేనూ కనుక్కోలేదు. అందుకే ఆ మధ్యాహ్నం కోపం ఎవరి మీద చూపించాలో తెలియక స్క్రూడ్రైవరు తీసుకెళ్లి పనిముట్ల పెట్టెలో పెట్టి వచ్చాను.

మూడో వారానికి అన్నం రుచి తెలియడం మొదలైంది. ఒక్కసారి కొలిస్తే చాలని చెయ్యి మళ్లీ నమ్మడం నేర్చుకుంటోంది. సరిగ్గా అప్పుడే మేనేజరు పిలిచాడు.

"కాకా, కొన్ని రోజులు స్టాంపు నా దగ్గర పెట్టు. కొలత నువ్వే చెయ్యి, స్టాంపు భాయ్ కొడ్తడు. నీ మంచికే చెప్తున్న. టెన్షన్ తగ్గుతది."

భాయ్ అంటే మా రెండో ఇన్‌స్పెక్టరు, రెండో నంబరు స్టాంపు ఆయనది. చార్మినార్ వెనక గల్లీలో ఉంటాడు. నా వయసే. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, మైక్రోమీటరు గీతలు కనపడక, ఏడాదిపాటు నాతోనే చదివించుకున్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆపరేషన్ అయ్యేదాకా ఆయన స్టాంపు ఆయన జేబులోనే ఉంది. ఆపరేషన్ అయ్యాక ఇదే మేనేజరు యాపిల్ పండ్లు పట్టుకుని ఇంటికి వెళ్లి చూసి వచ్చాడు. గుడ్డి కళ్లతో కొట్టిన స్టాంపు చెల్లింది. నేను తొమ్మిది నెలలు మందు లేకుండా, చెప్పకుండా, కిందికి దిగనని మొరాయించే చేత్తో కొట్టిన స్టాంపు కూడా చెల్లింది. మందు వేసుకుని కుదుటపడుతున్న రోజున అదే చెయ్యి పనికిరానిదైంది! ఇది ఏ పుస్తకంలోని లెక్క? నేను చదివిన చిరుగుల పుస్తకాలలో అయితే లేదు.

స్టాంపు ఇచ్చేశాను. ఇంటికి వచ్చాక మాత్ర ఆపేద్దామని కూడా అనిపించింది. వాళ్ల దృష్టిలో జబ్బంటే ఆ మాత్రే కదా. నా భార్య నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడి, మింగేదాకా కదల్లేదు.

శుక్రవారం డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. "మీరు ఒప్పుకోకుండా మేం ఎవరికీ చెప్పం. మీరు చెప్పినదాన్ని వాళ్లు ఎలా వాడతారో మాత్రం నా చేతుల్లో లేదు" అంది. "పనికి ఏం అవసరమో అంతవరకు రాస్తాను. జబ్బు పేరు అక్కర్లేదు." రాసింది: చికిత్సలో ఉన్నాడు, తన రోజువారీ పనికి తగి ఉన్నాడు, ఆరు వారాలు రాత్రి డ్యూటీ వద్దు, చూపించుకోవడానికి సమయం ఇవ్వాలి. నాలుగే ముక్కలు. మొదట్లోనే అలాంటి కాగితం అడగాలని నాకు తెలియదు. జ్వరమనే అబద్ధానికీ కడుపులోదంతా కక్కడానికీ నడుమ ఇంకో దారి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ కాగితం మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నా స్టాంపు ఉన్న డ్రాయరు తెరవలేదు.

"తొందరేముంది కాకా?"

"రిజిస్టరు తియ్యి సార్."

స్టాంపు ఎవరి దగ్గర ఉందో రాసే రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఇచ్చిన తేదీ, వెనక్కి తీసుకున్న తేదీ, తీసుకున్న కారణం, సంతకం. మా సరుకు కొనేవాళ్లు ఏటా వచ్చి ఆ పుస్తకం తిరగేస్తారు. నా గడిలో తేదీ ఉంది. కారణం ఖాళీగా ఉంది.

"కారణం రాయి. నేను సంతకం పెడ్త."

పెన్ను తీశాడు. పట్టుకునే ఉన్నాడు. డిప్రెషన్ అని రాస్తే, తగి ఉన్నాడన్న కాగితం పక్కనే ఉంది. రాయకపోతే కొనేవాళ్లు అడుగుతారు. పెన్ను బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు.

"కంటి చూపు తగ్గిందని రాద్దామా కాకా? ఇజ్జత్‌గ ఉంటది. ఎవరు ఏమనరు."

అరవై దాటిన నేను ఆ గదిలో అరిచినంతగా ఎన్నడూ ఎక్కడా అరవలేదు. "పోయిన నెలనే కంటి పరీక్ష చేయించినవ్, ఆ కాగితం నీ ఫైల్లనే ఉంది! కండ్లు పోతే ఇజ్జత్, మనసు బాగలేకుంటే బేఇజ్జత్, ఏందిది? నేను కొట్టిన లాటుల ఒక్కటి వాపస్ వచ్చిందా? వస్తే గది రాయి. తప్పు కొలత మీద నేను ఎన్నడన్న స్టాంపు కొట్టిన్నా? మరి నా మీద తప్పు కొలత నువ్వెట్ల రాస్తవ్?"

అద్దం అవతల మిషన్లు ఆగాయి. లొల్లి విని భాయ్ లోపలికి వచ్చాడు. జేబులోంచి తన రెండో నంబరు స్టాంపు తీసి బల్ల మీద పెట్టాడు.

"సాబ్, నేను కండ్లు కనపడక ఏడాది కొట్టిన. నాది గూడ జమ చేసుకోండి. కారణం మీరే ఆలోచించి రాయండి."

రెండు స్టాంపులూ లేకపోతే ఆ సాయంత్రం లారీ కదలదు. మేనేజరు డ్రాయరు తెరిచాడు. న్యాయం తెలిసి తెరిచాడా, లారీ కోసం తెరిచాడా? లారీ కోసమే. అయినా తీసుకున్నాను. వెనక్కి తీసుకున్న తేదీని ఒక గీతతో కొట్టేయించి, పక్కన ఆయన చేత సంతకం పెట్టించాను.

ఆ సాయంత్రం నా బల్ల మీదికి వచ్చిన మొదటి లాటే ఆ లారీ ఎక్కాల్సింది. అయిదో పిన్ను సన్నగా ఉంది. ఎక్కువేం కాదు, వెంట్రుకలో పావు వంతు. తర్వాతి రెండూ అంతే. ఎర్ర చీటీ కట్టాను. మేనేజరు పరుగున వచ్చాడు.

"కాకా... తబియత్ మంచిగనే ఉందా? రేపు చూద్దామా?"

అదే పిన్నుకు అదే ఎర్ర చీటీ మూడు నెలల కింద కట్టి ఉంటే, టర్నరును పిలిచి తిట్టేవాడు. ఇప్పుడు నా ఆరోగ్యం అడుగుతున్నాడు. ఇకమీదట నేను కోప్పడ్డా, నవ్వినా, ఒక పిన్ను వద్దన్నా, ముందు నా తలను కొలుస్తారు, తర్వాతే పిన్నును.

మైక్రోమీటరు ఆయన చేతిలో పెట్టాను. "కొలువు సార్. వేళ్లు గట్టిగ బిగించకు, నేను నేర్పినట్టే పట్టు."

కొలిచాడు. తుడిచి మళ్లీ కొలిచాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో మూడోసారి కొలిచాడు. ఎర్ర చీటీ ముట్టుకోకుండా పిన్ను బల్ల మీద పెట్టి, టర్నరును కేకేశాడు. నాకు క్షమాపణ చెప్పలేదు. లారీ మాత్రం ఆ పూట ఖాళీగా పోయింది.