నలభై ఒకటో ఖాతా

బాన్సువాడ బస్టాండు ఎదుట పండరి ఎస్టీడీ బూత్ పెట్టింది తొంభై మూడులో. ఆ పసుపు రంగు బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు ఇప్పుడు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. బయట బెంచీ మీద పదిమంది కూర్చుంటే, లోపల ఒకడు అరిచి మాట్లాడేవాడు, ఆ ఇంటి సంగతి ఊరందరికీ తెలిసిపోయేది. పండరి మాత్రం మాటలు వినేవాడు కాదు, గడియారం చూసేవాడు. ఎవరు ఏ వేళకు వస్తారో, ఎంతసేపు మాట్లాడతారో రిజిస్టరులో రాసి రాసి, మనిషి ముఖం మరిచిపోయినా వేళ మరిచిపోని రకంగా తయారయ్యాడు. "గీయనకు పెండ్లాం పుట్టినరోజు యాదికుండదు గానీ కోటగిరి పటేల్ ఫోన్ చేసే టైం యాదికుంటది" అని భార్య శ్రీలత దెప్పేది.

రెండువేల నాలుగులో బూత్‌ను ఇంటర్నెట్ సెంటర్ చేశాడు. మరుసటి ఏడు 'మన బాన్సువాడ' అని ఒక వెబ్‌సైట్ పెట్టాడు. గల్ఫ్‌కు పోయినవాళ్లూ, ఇక్కడ ఉన్నవాళ్లూ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకునే చావడి అది. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారా, ఫలానా వాళ్ల పెళ్లి ఎప్పుడు, ఇలాంటి కబుర్లు. ఎవరు ఏది రాసినా పండరికి ఒక మెయిల్ వచ్చేది. సైటుకు పెద్ద అతనే కాబట్టి తగవులు తీర్చేదీ, బూతులు చెరిపేదీ అతనే.

రెండువేల ఎనిమిదిలో ఒక గురువారం పొద్దున మోతీరాం సెంటర్‌కు వచ్చాడు. తండా కుర్రాడు, కూరగాయలమ్మే లాలికి తమ్ముడు. ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, సోమవారం పాస్‌పోర్ట్ ఇచ్చేస్తున్న. దుబాయ్ పంపే ఆఫీసు ఒకటి దొరికింది. నీ సైట్‌లనే నలభై మంది మంచిగున్నదని రాసిండ్రు."

"ఏదీ, నన్ను సూడనీ" అన్నాడు పండరి.

చూశాడు. చదవకముందే అతని కన్ను అలవాటు కొద్దీ పక్కనున్న వేళల మీద పడింది. రెండు గంటల ఏడు నిమిషాలు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది. ఏడేసి నిమిషాలకు ఒకటి. అన్నం వేళ లేదు, టీ వేళ లేదు. ఎస్టీడీ బెంచీ మీద ఇన్నేళ్లలో ఇంత క్రమశిక్షణ గల జనం అతనికి ఎదురుపడలేదు.

పాత రిజిస్టరు తీసి మాటలు ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. 'నేను ఫలానా ఊరి నుండి వెళ్లాను, ఫలానా పని చాలా బాగుంది, అన్నకు ధన్యవాదాలు.' నలభైకి నలభై అదే అస్థిపంజరం, ఊరూ పనీ మాత్రమే మారాయి. ఇవి మనిషి రాసినవి కావు, కంప్యూటర్ ప్రోగ్రాం రాసినవి. ఒకచోట ఆ మిషను తడబడింది. 'నేను మేస్త్రీ నుండి వెళ్లాను, బిచ్కుంద పని చాలా బాగుంది' అని ఉంది. పండరి పడీపడీ నవ్వాడు.

"బిచ్కుంద పని ఏందిరా మోతీ? ఊరుండే కాడ పని వడ్డది, పనుండే కాడ ఊరు వడ్డది. మనిషైతే గిట్ల రాస్తడా?"

"నలభై మంది అబద్ధమాడుతరా అన్నా?"

"నలభై మంది లేరురా. ఒక్క మిషన్ నలభై పేర్లు పెట్టుకున్నది."

పేర్లు నొక్కి చూపించాడు. అన్నీ మొన్న రెండు రోజుల్లో పుట్టిన ఖాతాలే. పేరు వెనక అంకెలు, ఫొటో లేదు, ఊరు లేదు, పుట్టినరోజు అందరికీ జనవరి ఒకటి. కాలువ నీళ్ల గురించి గానీ పెళ్లిళ్ల గురించి గానీ ఒక్కడూ ఒక్క మాట రాయలేదు. మోతీరాం ముఖం వాడిపోయింది. పొగడడానికి మనిషి దొరకక మిషన్‌ను పెట్టుకున్న ఆఫీసుకు పాస్‌పోర్ట్ ఎట్ల ఇస్తవని పండరి అడిగాడు. సోమవారం కుర్రాడు ఆ ఆఫీసుకు పోలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. పండరికి గెలిచిన పొంగు వచ్చింది. సైటంతా ఊడ్చేద్దామని, ఫొటో లేనివీ, పేరులో అంకెలున్నవీ, జనవరి ఒకటిన పుట్టినవీ, ఒకే మాట మళ్లీ మళ్లీ రాసినవీ వెతికించాడు. ఆ నలభైతో పాటు ఇంకొకటి తేలింది. యూజర్ 4471. 'అందరు బాగున్నరా. నేను బాగున్న. ఫికర్ చెయ్యకుండ్రి.' అక్షరం మారకుండా తొంభై సార్లు రాసింది. ఇంతకన్నా మిషన్ ఇంకేముంటుంది అనుకొని, కారణం 'నువ్వు మిషన్' అని పెట్టి నలభై ఒక్కటీ బంద్ చేశాడు. రాసినవన్నీ కూడా చెరపాలా అని సైటు అడిగితే, అవునని నొక్కాడు.

మరునాడు శుక్రవారం. శుక్రవారాలు పండరి సామాన్ల కోసం నిజామాబాద్ పోతాడు, సెంటర్‌లో శ్రీలత కూర్చుంటుంది. సాయంత్రం అతను తిరిగి వచ్చేసరికి లాలి ఖాళీ గంప పక్కన పెట్టుకొని మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"భోజ్యా రాసుడు ఇయ్యాల లేదు. పాతయి గూడ ఒక్కటి లేవు. ఆయనకేమైంది పండరన్నా?"

పండరికి నిన్నటి నలభై ఒకటో ఖాతా తట్టింది. శ్రీలత చెప్పింది. భోజ్యా లాలి మొగుడు, దుబాయ్‌లో రాడ్డు కట్టే పని. తండాలో సెల్లు సిగ్నల్ లేదు. గదిలో ఉండే దోస్తు ఖాతా తెరిచి, ఆ మూడు మాటలు ఒకసారి రాసి ఇచ్చాడు. టైపు రాని భోజ్యా ప్రతి శుక్రవారం సెలవు నాడు వాటినే తీసి మళ్లీ అంటిస్తాడు. చదవడం రాని లాలికి శ్రీలత వినిపిస్తుంది. రెండేళ్లుగా అదే వాళ్ల సంసారం.

"జనవరి ఒకటి?" అన్నాడు పండరి, ఇంకా ఏదో పట్టుకుందామని.

"బడి మొఖం సూడనోళ్లకు పాస్‌పోర్ట్‌ల గదే రాస్తరు. నీ పుట్టినరోజు మాత్రం పంతులు రాసింది గాదా? నన్నొక్క మాట అడిగితే ఏం పోయె?"

పండరి పాత మెయిళ్లు తెరిచాడు. యూజర్ 4471 రాసిన వేళలు ఒక్కొక్కటే కాగితం మీద పెట్టాడు. ఒక శుక్రవారం నాలుగూ పన్నెండు, ఒకసారి ఐదూ నలభై, ఒకసారి నాలుగున్నర దాటాక. మధ్యమధ్య కొన్ని వారాలు అసలే లేదు. జ్వరమో, సెలవు దొరకలేదో, లైనులో ముందు ఎవడో నిలబడ్డాడో. మాట మిషను మాటే, నడక మాత్రం మనిషిది. వేళ తప్ప ఇంకేమీ ఎరగనివాడు, తీరా చూడవలసినప్పుడు ఆ వేళే చూడలేదు.

ఖాతా మళ్లీ తెరిచాడు. చెరిపిన తొంభై మాటలు మాత్రం తిరిగి రాలేదు. "నేనే బంద్ చేసిన లాలీ, ఆయనకేం కాలే. వచ్చే శుక్రవారం రాస్తడు" అన్నాడు. లాలి గంప ఎత్తుకొని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని పండరికి ఆ వారమంతా అనిపించింది.

మరుసటి శుక్రవారం పండరి నిజామాబాద్ పోలేదు. నాలుగయింది, ఐదయింది. లాలి కుర్చీలో కూర్చుని తెర వైపే చూస్తోంది. మోతీరాం గుమ్మంలో నిలబడ్డాడు. ఆరుంబావుకు మెయిల్ వచ్చింది. పండరి పక్కకు జరిగాడు, ఎప్పటిలాగే శ్రీలతే చదివింది. అక్షరాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఎవరూ రాసి ఇచ్చినవి కావు.

"'పోయిన వారం నువ్వు మిషన్ అని వచ్చింది. దోస్తు చదివి చెప్పిండు. నేను మిషన్ గాదు. నేను భోజ్యా. లాలీ, జొన్నరొట్టె యాదికొస్తుంది. నీ కోపం గూడ యాదికొస్తుంది. నేర్సుకొని రాస్తున్న, గంట పట్టింది.'"

లాలి ఇంకోసారి చదివించుకుంది. ఇంకోసారి. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని పండరి వైపు తిరిగింది.

"అన్నా, ఇంకోపారి బంద్ చేస్తవా? రెండేండ్ల నుంచి గిసొంటి ముచ్చట ఒక్కటి రాయలే."