బోర్డు మీద ఆగిపోయిన టైము

నా భయానికి ఒక టైము ఉంది. తొమ్మిదీ పదహారు. బండిలోనో ఫోన్‌లోనో ఆ అంకెలు కనపడితే ఇప్పటికీ చూపు పక్కకు తిప్పేసుకుంటాను.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నాది కంప్యూటర్ల పని. అక్కడి ల్యాబులో రోజూ రకరకాల పరీక్షలు జరుగుతాయి, తాగే నీళ్లతో సహా. మా దగ్గర నీళ్లను ఎవరూ ఊరికే నమ్మరు. బోరు నీళ్లను శుద్ధి చేసి రెండు ట్యాంకుల్లో నింపుతారు. ఒకటో ట్యాంకు వంటకు, రెండోది తాగడానికి. ఏ ట్యాంకు పాసైందో, ఏది ఫెయిలైందో క్యాంటీన్ గోడ మీది పెద్ద తెర చెబుతుంది. అందరూ దాన్ని బోర్డు అంటారు. ఆ బోర్డు నేను చేసిందే.

మొదట్లో నా ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి ల్యాబు కంప్యూటర్‌ను అడిగేది. పోయినసారి అడిగినప్పటి నుంచి కొత్త రిపోర్టులేమైనా వచ్చాయా? లేవు. మళ్లీ ఐదు నిమిషాలకు అదే ప్రశ్న. దీన్ని పోలింగ్ అంటారు. కొత్తది ఉన్నా లేకపోయినా బోర్డు రిఫ్రెష్ అయ్యేది, మూలన చిన్న అక్షరాల్లో టైము మారేది. చూడ్డానికి తెలివితక్కువ పనే. ల్యాబు వాళ్లయితే మొత్తుకున్నారు, "మీ ప్రోగ్రాం అడుగుడుతోనే మా సిస్టం స్లో అయితుంది సార్" అని.

నాకూ నచ్చేది కాదు. వంద సార్లు అడిగితే తొంభై తొమ్మిది సార్లు లేదు అనిపించుకునే బతుకేంటి అనిపించేది. అందుకని వెబ్‌హుక్‌లకు మార్చాను. మనం అడగం. ల్యాబులో ఎవరైనా రిపోర్టును ఆమోదించగానే వాళ్ల కంప్యూటరే మన అడ్రసుకు కబురు పంపుతుంది. మన వైపు ఒక చిన్న కంప్యూటర్ పెట్టె ఆ కబురు అందుకుని, అందింది అని జవాబిచ్చి, రిపోర్టు తెచ్చుకుని, బోర్డును రిఫ్రెష్ చేస్తుంది. ఐదు నిమిషాల ఆలస్యం రెండు సెకన్లయింది. మా మేనేజర్ మీటింగులో నన్ను మెచ్చుకున్నాడు. నేను నెల రోజులు నేల మీద నడవలేదు.

ల్యాబు సిస్టంతో వచ్చిన పుస్తకంలో ఒక మాట ఉంది. కబురు అందకపోతే నాలుగు సార్లు మళ్లీ పంపి ఊరుకుంటాం, కాబట్టి అప్పుడప్పుడూ మీరు కూడా అడుగుతూ ఉండండి అని. చదివాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. పెట్టెను సర్వర్ రూములో పెట్టాలంటే పర్మిషన్లకు నెల పట్టేది. అంత ఓపిక లేక దాన్ని కరెంటు రూములో ఒక అల్మారా మీద పెట్టేశాను. ల్యాబు వాళ్లకు ఒక మాట కూడా చెప్పాను. "ఇగ ఫెయిలైతే ఫోన్లు గిట్ల చెయ్యకుండ్రి, బోర్డే చెప్తది."

క్యాంటీన్ చూసుకునే అక్క ముత్తంగి నుంచి వస్తుంది. నాకంటే పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చికి ఎంత తప్పకుండా పోతుందో, రోజూ బోర్డు మూలన టైము అంత తప్పకుండా చూసేది. నేను మార్చిన మర్నాడే నన్ను నిలబెట్టి అడిగింది.

"సారూ, టైము మారుతలేదేంది? ఖరాబైందా?"

"లేదక్కా. ఇగ కొత్త రిపోర్టు వస్తెనే మారుతది. మారలేదంటే అంతా మంచిగున్నట్టు."

మారలేదంటే అంతా మంచిగున్నట్టు. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ఆయుధపూజ రోజు ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆపేస్తారు. పెళ్లాం పిల్లల్ని తీసుకురమ్మంటారు. లారీలకు, బాయిలర్‌కు, పానాలకు, స్క్రూడ్రైవర్లకు పసుపు కుంకుమ పెడతారు. గ్రౌండులో పిల్లలకు ఆటలు, పన్నెండున్నరకు భోజనాలు. మేముండేది పటేల్‌గూడలో. ఆ రోజు నా ఎనిమిదేళ్ల కూతుర్ని బండి మీద ముందర కూర్చోబెట్టుకుని వచ్చాను. గేటు దాటగానే చెయ్యి విడిపించుకుని ఆటల్లోకి పరుగెత్తింది.

కరెంటు రూములో మా పెద్ద ఎలక్ట్రీషియన్ పూజ సర్దుతున్నాడు. హత్నూర మనిషి, నేను కాకా అంటాను. టెస్టర్లు, కటింగ్ ప్లేయర్లు, నిచ్చెన, అన్నీ వరసగా పేర్చి బొట్లు పెడుతున్నాడు. నా పెట్టె మీద కూడా బంతిపూల దండ వేశాడు. దాని దీపం మాత్రం ఆకుపచ్చగా మినుకుమంటూనే ఉంది.

"సార్, పూజల పెట్టినంక ఇయ్యాల ముట్టొద్దు. ఏడాదంత పని చేసింది, జెర దీన్ని గూడ పండనియ్యుండ్రి."

నవ్వొచ్చింది. పాపం, నిజమే కదా అనిపించింది. ఉత్పత్తే లేని రోజు కబుర్లేముంటాయి అనుకున్నాను. బటన్ నేనే నొక్కాను. దీపం ఆరింది. కాకా దాని మీద నిమ్మకాయ పెట్టాడు. నేను దండం పెట్టుకున్నాను.

మిషన్లకు సెలవు గానీ నీళ్ల పరీక్షకు సెలవెక్కడిది? జనం ఎక్కువ వచ్చే రోజు కాబట్టి ల్యాబు వాళ్లు పొద్దున్నే ట్యాంకుల నుంచి నీళ్లు పట్టుకుపోయారు. అది నాకు తట్టలేదు.

పన్నెండూ పదికి అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొంగుకు చేతులు తుడుచుకుంటోంది.

"సారూ, టైము తొమ్మిదీ పదహారు కాడనే ఉంది."

"పండుగ గదక్కా, కొత్త రిపోర్టులు రాలే..." అన్నాను. ఆ మాట పూర్తి కాలేదు. ఆరిపోయిన దీపం, దాని మీది నిమ్మకాయ కళ్ల ముందు కనపడ్డాయి.

పరుగెత్తాను. కాకా వద్దంటున్నా దండ తీసేసి బటన్ నొక్కాను. పెట్టె లేవడానికి రెండు నిమిషాలు పట్టింది. నిలబడి చూశాను. ఏమీ రాలేదు. వచ్చిన కబుర్ల జాబితా తెరిస్తే తొమ్మిదీ పదహారు తర్వాత ఒక్క వరస కూడా లేదు. కబురు రాలేదంటే రిపోర్టు లేదనా? వచ్చి, తలుపు కొట్టి, వెళ్లిపోయిందనా? ఆ పెట్టెకు తెలియదు. అది నిద్రపోయిన సేపట్లో ఏం పోగొట్టుకుందో చెప్పే తెలివి దానికి నేను పెట్టలేదు.

పాత ప్రోగ్రాం ఇంకా చెరిపెయ్యలేదు. రెండు సార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. తొమ్మిదీ పదహారు తర్వాత ఏమేం మారాయి అని అడిగించాను. ఒక్క సెకనులో జవాబొచ్చింది. మూడు రిపోర్టులు. ఒకటో ట్యాంకు పాస్. బాయిలర్ నీళ్లు పాస్. రెండో ట్యాంకు ఫెయిల్, మందుల తయారీలో వాడే సాల్వెంట్ అనే రసాయనం ఆనవాళ్లున్నాయి. ఆమోదించిన టైము పదీ పది.

రెండు గంటల కిందటి కబురు. నేను తెలివితక్కువదని పక్కన పడేసిన ప్రోగ్రాం ఒక్కసారి అడిగి తెచ్చింది.

క్యాంటీన్‌లోకి అరుస్తూ పోయాను. "అక్కా, నీళ్లు బంద్ చెయ్!"

"ఎప్పుడో బంద్ చేసిన. టైము గట్ల నిలబడ్డందుకు నాకు మనసొప్పలే. పదకొండు కాంగనే వాల్వు తిప్పి, బయటి నుంచి డబ్బా నీళ్లు తెప్పిచ్చిన. మీరు చెప్పింది గుర్తుంది సారూ, కానీ భయమైంది."

ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. బల్లల మీద డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆమె ముఖం మారింది.

"సారూ... గ్రౌండుల నీళ్ల కూలర్? అది పొద్దుగాల్నే రెండో ట్యాంకు నుంచి నిండింది."

గ్రౌండు ఎంత దూరమని, నూరు అడుగులు. ఆ నూరు అడుగులు నేను ఎలా పరుగెత్తానో గుర్తు లేదు. కూలర్ దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు, చెమటలు కారుతున్నాయి, చేతుల్లో గ్లాసులు. పూజ మైకు లాక్కుని నీళ్లు తాగకండి అని తెలుగులో, హిందీలో అరిచాను. తల్లులు పిల్లల్ని లాగుతున్నారు. ఒక పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. నా కళ్లు మాత్రం నా కూతురి గులాబీ రంగు నీళ్ల సీసా కోసం వెతుకుతున్నాయి. అందరి పిల్లల కోసం మైకులో అరుస్తున్న మనిషి లోపల తన పిల్ల కోసమే వెతుక్కున్నాడు. దాచడం ఎందుకు, అంతే జరిగింది.

గోనెసంచి పందెం గీత దగ్గర కూర్చుని ఉంది. సీసా సగం ఖాళీగా ఉంది.

"తాగినవా?"

"కొంచమే డాడీ. ఏదో మందు వాసనొచ్చింది. ఏమైంది, ఎందుకట్ల చూస్తున్నవ్?"

ఫ్యాక్టరీ డాక్టరు నీళ్లు తాగిన వాళ్లందరినీ, ముందు పిల్లల్ని, చూశాడు. ల్యాబు రిపోర్టులో మోతాదు చదివి, ఇంత తక్కువకు ప్రమాదం ఉండకపోవచ్చు, అయినా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. ఉండకపోవచ్చు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు బతికాను. పిల్ల నుదురు ముట్టుకునేవాణ్ని, నాలుక చూసేవాణ్ని, నిద్రలో ఊపిరి లెక్కపెట్టేవాణ్ని. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఏమీ కాలేదు అనే మాట నా నోట్లో ఇప్పటికీ సరిగా పలకదు.

మర్నాడు ల్యాబు సిస్టంలో అందని కబుర్ల జాబితా చూశాం. పదీ పదికి పంపింది. అందలేదు. తర్వాత నాలుగు సార్లు, ఎడం పెంచుకుంటూ మళ్లీ పంపింది. పదీ యాభైకి ఊరుకుంది. దాని పని అది చక్కగానే చేసింది. మీటింగులో కాకా లేచి, "ముట్టొద్దన్నది నేనే సార్, తప్పు నాదే" అన్నాడు. నాకు సిగ్గేసింది. బటన్ నొక్కింది నేనని, పుస్తకంలో మాట చదివి వదిలేసింది నేనని, ఫోన్లు మాన్పించింది కూడా నేనేనని చెప్పాను.

ఇప్పుడు రెండూ ఉన్నాయి. కబురు వస్తే రెండు సెకన్లలో బోర్డు మారుతుంది. రాకపోయినా పావుగంటకోసారి మేమే అడుగుతాం. ఒకే రిపోర్టు రెండు దారుల్లో వస్తే నమూనా నంబరు చూసి ఒకసారే తీసుకుంటాం. అడగడం ఆగిపోతే బోర్డు మొత్తం బూడిద రంగుకు మారుతుంది. ఫెయిలైతే ల్యాబు వాళ్లు ఫోన్ కూడా చేస్తారు. పెట్టె సర్వర్ రూముకు చేరింది. మొన్న ఆయుధపూజకు కాకా తలుపు బయటే బొట్టు పెట్టి పోయాడు. అక్క మాత్రం నా మాట నమ్మడం మానేసింది. పదకొండింటికి ల్యాబుకు తనే ఫోన్ చేసి అడుగుతుంది.

రోజూ పొద్దున బడి బస్సు దగ్గర నేను కూడా అడుగుతాను. "కడుపుల ఏమన్న నొప్పి ఉందా బిడ్డా?"

మొదట్లో లేదు అనేది. ఇప్పుడు విసుక్కుంటుంది.

"ఉంటే నేనే చెప్త గద డాడీ. దినాం ఎందుకడుగుతవ్?"

చెబుతుంది, నాకు తెలుసు. బస్సు కదిలేలోపు ఇంకోసారి అడుగుతాను.