ఆకుపచ్చకు జోడీ

ఆ పాఠశాలలో ఆమెను అసలు పేరుతో పిలిచేవారు లేరు. పిల్లలకు ఆమె కత్తెర టీచరు, తోటి ఉపాధ్యాయులకు డ్రాయింగమ్మ. ఇంట్లో అత్తగారు మాత్రం ఎవరడిగినా "మా కాయితాల కోడలు" అనేది. ఏ పిలుపుకైనా ఆమె ఒకే చిరునవ్వుతో పలికేది. కుడిచేతి బొటనవేలి మీద కత్తెర పిడి ఒరిపిడికి కాసిన కాయ ఒకటి ఉండేది. ఆమె జీవితచరిత్ర అంతా ఆ కాయలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

టీచరు కాకముందు పద్నాలుగేళ్లు మామగారి బైండింగు దుకాణంలో ఆమె పుస్తకాలకు అట్టలు వేసింది. అంచులు కోయగా రాలిన రంగు కాగితపు ముక్కలను పారవేయడానికి చేతులు రాక రేకు డబ్బాల్లో దాచేది. ఒకనాడు ఉదయం నుంచీ ఎర్ర అట్టలే వేసి తలెత్తేసరికి సున్నం కొట్టిన గోడ మీద నీలి ఛాయ గల ఆకుపచ్చ పలకలు తేలుతూ కనిపించాయి. కన్ను చెడిందేమోనని ఆమె గుండె జారిపోయింది. పది రోజుల తరువాత బైండింగుకు వచ్చిన ఒక పాత పుస్తకంలో ఆ సంగతే రాసి ఉంది: ఒకే రంగును కదలక చూస్తే కన్ను ఆ రంగుకు అలసిపోతుంది, పిమ్మట తెలుపును చూస్తే, తెలుపులో ఉన్న రంగులలో అలసిన రంగు వెలితిపడి, మిగిలినదే దాని జోడీగా కనబడుతుంది. కన్ను చెడలేదు సరికదా, విధాత దానిలో ఎంత సూక్ష్మమైన తులను అమర్చాడో ఆమెకు ఆనాడు తెలిసింది. ఆ పుస్తకానికి దుకాణంలో ఉన్న గుడ్డలన్నిటిలోకీ మంచి గుడ్డ వేసి ఇచ్చింది. నలభయ్యో ఏట డ్రాయింగు పరీక్ష ప్యాసై, డబ్బాలతో సహా బడిలో ప్రవేశించింది.

మూడో తరగతికి వారానికి రెండు డ్రాయింగు పీరియడ్లు. ఆ రెండింటి కోసమే ఆమె తక్కిన రోజులన్నీ బతికేది. జానెడు చదరపు ఎర్ర కాగితం మధ్య నల్లచుక్క పెట్టి బోర్డుకు ఎత్తి పట్టుకునేది. పిల్లలు చూపు కదల్చకుండా ముప్పై లెక్కపెట్టేవారు. కాగితం పక్కకు తీయగానే వెనుక ఉన్న తెల్ల చార్టు మీద ఆకుపచ్చ చదరం మెల్లగా విచ్చుకునేది. మొదటిరోజు తరగతి తరగతంతా "అమ్మో!" అన్నది. ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. గొంతు ఖంగుమని మోగేది గనుక అందరూ దానిని "గంట" అనేవారు. గంట బెంచీ ఎక్కి "ఆకుపచ్చ!" అని అరిచింది. తరువాత తరగతుల్లో గంట మోగితే చాలు, తక్కిన ముప్పై ఒక్కరూ అందుకునేవారు. ఆ ఉత్సాహం చూసి టీచరు మురిసిపోయింది. ఆ మురిపెమే ఆమె కొంప ముంచింది.

పెద్ద టీచరు, అంటే ప్రధానోపాధ్యాయురాలు, లెక్కల మనిషి. పిల్లలు ఎక్కాల్లో వెనుకబడుతున్నారని ఆవిడకు బెంగ. డ్రాయింగు పీరియడ్లను లెక్కలకు ఇచ్చేద్దామా అన్న ఆలోచనతో ఒక సోమవారం వచ్చి చివరి బెంచీలో కూర్చున్నది.

"ఏదీ, మీ కాగితాల మాయ నాకూ చూపించండి టీచరుగారూ," అన్నది.

అట్టపెట్టెలోని కాగితాలను అటెండరు ఆ ఉదయమే ఎంతో శ్రద్ధగా, వరుస మార్చి, వీపులు పైకి ఉండేలా సర్ది పెట్టాడు. ఆ కాగితాలకు ఒకవైపే రంగు, వెనుకవైపు తెలుపు. రంగు పిల్లలవైపు తిరిగి ఉంటుంది గనుక, ఎత్తి పట్టుకున్న ఆమెకు కనబడేది తెల్లటి వీపే. పైనున్నది ఎప్పటిలా ఎరుపే అనుకుని తీసి బోర్డుకు పట్టింది. తరగతి లెక్క మొదలుపెట్టింది. ఇరవై కూడా రాకముందే గంట మోగింది.

"ఆకుపచ్చ!"

"ఆకుపచ్చ!" అన్నారు ముప్పై ఒక్కరు.

పెద్ద టీచరు పకపకా నవ్వింది. "కాగితం తిప్పి చూసుకోండి ఒకసారి."

తిప్పి చూస్తే అది నీలం. నీలానికి వచ్చేది పసుపు ఛాయ. ఆకుపచ్చ ఏ విధంగానూ రాదు. పైగా కాగితం ఇంకా తీయనేలేదు.

"నీలాన్ని చూస్తూ ఆకుపచ్చ అంటున్నారు. వీళ్లకు కళ్లు కాదమ్మా, చెవులు పనిచేస్తున్నాయి. మీరు నేర్పింది రంగులు కాదు, చిలకపలుకులు. వచ్చే సోమవారం నుంచి ఈ పీరియడ్లు లెక్కలకే."

ఆమెకు తల కొట్టేసినట్లయింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పెద్ద టీచరు మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పిల్లలు నిజంగా చూసింది మొదటిరోజు మాత్రమే. ఆ తరువాత తానే వాళ్ల కళ్లకు సెలవిచ్చింది.

"మేడమ్‌గారూ, శుక్రవారం ఒక్క పీరియడ్ ఉంది నాకు," అన్నది గొంతు సవరించుకుని. "ఆ రోజు రంగు మీరే తీసుకురండి. ఏ రంగైనా సరే. నాక్కూడా ముందు చెప్పొద్దు."

"మళ్లీ చిలకల కచేరీయేనా?"

"కచేరీ అయితే ఆ రోజే నా కత్తెర మీ చేతికిస్తాను."

మాట అయితే అన్నది గానీ, ముప్పై రెండు నోళ్లను ఎలా కట్టాలో ఆమెకు తోచలేదు. ఒక్కరు పలికితే చాలు, తక్కినవారి కళ్లు మూతబడినట్లే.

ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద డబ్బాలన్నీ బోర్లించుకుని కూర్చున్న కోడలిని చూసి అత్తగారు మూతి తిప్పింది. "కూరగాయలు తరగమంటే కాయితాలు తరుగుతావు. ఇవాళ అందరం వీటినే వండుకు తిందామా?"

"అత్తయ్యా, ఒక్క నిమిషం ఇలా కూర్చోండి. ఈ నారింజ కాగితం మధ్యలో చుక్క చూడండి. కళ్లు తిప్పొద్దు."

"నాకేం పని లేదా?" అంటూనే ఆవిడ కూర్చున్నది. ముప్పై అంకెలు అయ్యాక కోడలు కాగితం లాగేసి తెల్ల పళ్లెం చూపింది. అత్తగారి కనుబొమలు పైకి లేచాయి.

"ఏం రంగు కనపడింది?"

"ఏమో తల్లీ, దాని పేరు నాకేం తెలుసు? నీలమూ కాదు, అదోలా ఉంది. ఉండు," అంటూ ఆవిడ బల్ల మీది ముక్కలను కెలికి, లేత నీలపు ముక్క ఒకటి పట్టుకుని పళ్లెం పక్కన పెట్టింది. "ఇదిగో, ఇలా ఉంది. పేరు నువ్వే పెట్టుకో."

కోడలు అత్తగారి చేతిలోని ముక్కను, అత్తగారి ముఖాన్ని మార్చి మార్చి చూసింది. పేరు తెలియని మనిషి పేరు చెప్పలేదు. కన్ను చూసినదాన్ని చేతితో ఏరింది. ఏరిన చేతికి పక్కవారి గొంతుతో పని లేదు. ఆమె లేచి అత్తగారిని వాటేసుకున్నది.

"వదులు, వదులు! కాయితాలకే ఇంత ముద్దయితే, కూర చేస్తే ఏమిస్తావు?"

మరునాడే మధ్యాహ్నం అన్నాల విరామంలో తరగతికి కొత్త నియమం వచ్చింది; గురువారం దాకా రోజూ ఆ వేళకు అదే సాధన. నోటితో రంగు చెప్పకూడదు. ఒక్కొక్కరికీ ఒక కవరు. కవరులో పన్నెండు రంగుల ముక్కలు, ఒక తెల్ల ముక్క. చూసిన రంగుకు దగ్గరగా ఉన్న ముక్కను ఏరి బల్ల మీద బోర్లా పెట్టాలి. ఏమీ కనబడకపోతే తెల్లముక్క పెట్టాలి. అది తప్పు కాదు.

"మరి మా పక్కవాడిది వేరేగా వస్తే?" అన్నది గంట.

"వాడి కళ్లు వాడివి, నీ కళ్లు నీవి. నీ కన్ను చూసింది నీ చెయ్యి చెప్పాలి."

నోరు కట్టుకోవడం గంటకు గండమే అయింది. మొదటిరోజు రెండు చేతులతో నోరు మూసుకున్నది. అప్పుడు ఏరడానికి చేతులు లేకపోయాయి. గురువారానికి పెదవులు బిగబట్టడం అలవరచుకున్నది.

శుక్రవారం పెద్ద టీచరు వచ్చింది. చంకలోని ఆఫీసు ఫైలు బల్ల మీద పెట్టి, "దీని అట్టే," అన్నది. చిక్కని ఆకుపచ్చ అట్ట. ఎరుపుకు ఆకుపచ్చ జోడీ అని తరగతి తరగతంతటికీ కంఠతా వచ్చు. ఆకుపచ్చకు జోడీ ఏమిటంటే చిలుక కూడా "ఎరుపు" అనేస్తుంది. పెద్ద టీచరు తెలిసే ఆ ఉచ్చు పన్నింది.

అట్టలోంచి జానెడు చదరం కత్తిరించి, చుక్క పెట్టి, కిటికీ వెలుతురు సమానంగా పడేచోట చార్టు మీద ఎత్తి పట్టుకున్నది. ఈసారి ముందే తిప్పి చూసుకున్నది. తరగతి పెదవులు కదపకుండా ముప్పై లెక్కపెట్టింది. కాగితం తొలగింది. ఎవరూ పలకలేదు. ముప్పై రెండు కవర్లు గలగలమన్నాయి. మరొకసారి చూసి సరిపోల్చుకోవడానికి ఆమె మళ్లీ అట్ట ఎత్తి పట్టుకున్నది. కొందరు ఏరిన ముక్క మార్చుకున్నారు. చివరికి బల్లల మీద ముప్పై రెండు తెల్లటి వీపులు వరుసగా నిలిచాయి.

పెద్ద టీచరు తానే ఒక్కొక్కటీ తిప్పింది. మొదటిది గులాబీ. రెండోదీ గులాబీ. మూడోది ముదురు గులాబీ. ముప్పై రెండూ తిప్పేసరికి ఇరవై ఏడు గులాబీలు, మూడు ఊదాలు, రెండు తెల్లవి. ఎరుపు ఒక్కటీ లేదు.

"ఎరుపు కదా రావాలి?" అన్నది ఆవిడ, గంటకు ఎదురుగా నిలబడి. "మీ టీచరు చెప్పలేదూ, ఎరుపూ ఆకుపచ్చా జోడీ అని?"

గంట లేచి నిలబడి, నోరు తెరవవచ్చా అన్నట్లు తన టీచరు వైపు చూసింది. ఆమె తల ఊపింది.

"చెప్పారు టీచర్. కానీ నాకు కనపడింది ఇదే. ఎరుపు పెడితే అబద్ధం అవుతుంది."

పెద్ద టీచరు గంటను కొంచెం జరగమని, ఆ బెంచీ అంచున తానే కూర్చున్నది. "ఎత్తండి టీచరుగారూ, అట్ట."

అట్ట లేచింది. ముప్పై అంకెలూ తానే లెక్కపెట్టుకున్నది. అట్ట తొలగగానే, తెల్లటి చార్టు మీద సంధ్య వేళ మేఘంలా లేత గులాబీ చదరం విచ్చుకుని ఆవిడ కళ్లముందు తేలింది.

"అరె, గులాబీయే!" అన్నది ఆవిడ గట్టిగా.

"ష్!" ముప్పై రెండు వేళ్లు ముప్పై రెండు పెదవుల మీదికి వెళ్లాయి. "పైకి చెప్పకూడదు టీచర్!"

తరగతి భళ్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది పెద్ద టీచరే. "చిలకను నేనేనన్నమాట," అన్నది కళ్లు తుడుచుకుంటూ. "కంఠస్థం చేసిన పిల్లలైతే ఎరుపు పెట్టేవాళ్లు. వీళ్లు చూశారు."

ఆ తరువాత గంట ఆ అట్టముక్క మధ్య తన గులాబీ ముక్కను అంటించి పెద్ద టీచరుకు ఇచ్చింది. జోడీ రంగులు ఒకదాని పక్కన ఒకటి చేరగానే రెండూ ఉద్దీపించి, అంచు వణుకుతున్నట్లుగా కనబడింది. ఆవిడ దాన్ని ఆఫీసు గోడకు తగిలించి, సోమవారం టైంటేబుల్లో రాసిన మార్పును తన చేతులతోనే కొట్టివేసింది. పైగా నాలుగో తరగతికి కూడా రెండు పీరియడ్లు చేర్చింది.

ఆ సాయంత్రం కత్తెర టీచరు ఇంటికి పరుగున వచ్చింది. సంగతంతా విని అత్తగారు అడిగిన మొదటి మాట, "నా పేరు చెప్పావా లేదా?"

"చెప్పానత్తయ్యా. ఆ పద్ధతి మా అత్తగారిదని తరగతి ముందే చెప్పాను. గంటయితే మిమ్మల్ని ఒకసారి బడికి తీసుకురమ్మంది."

"వస్తాను," అన్నది ఆవిడ ఠీవిగా, బల్ల మీది కాగితపు ముక్కలను స్వయంగా డబ్బాల్లోకి ఎత్తుతూ. "నా కవరు నాకు వేరే ఉంచమను."