ప్రొఫైల్‌లో నేను రాసిన చివరి వాక్యం

ట్యూషన్ల వెబ్‌సైట్‌లో నా ప్రొఫైల్‌ను ఢిల్లీ జియా సరాయ్‌లోని నా అద్దె గదిలో కూర్చుని నేనే రాసుకున్నాను. తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాననీ, పిల్లలు తమ తప్పు తామే కనుక్కునేలా చేస్తాననీ, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోననీ రాశాను. చివర్లో "మూడు నెలల్లో మార్కులు పెరుగుతాయి" అని చేర్చాను.

అది చూసి, అదే ఊళ్ళో జనక్‌పురిలో ఉండే ఒక తెలుగు ఆఫీసరు కూతురిని నా ఆన్‌లైన్ క్లాసులో చేర్చారు. మూడు నెలలయ్యాక పరీక్షలో ఆ పిల్లకు మార్కులు తగ్గాయి. ఆ సాయంత్రం క్లాసు మధ్యలో ఆయన గదిలోకి వచ్చి, కెమెరా ముందే స్టీలు స్కేలుతో ఆమెను కొట్టారు. చెవి పక్కన చర్మం చీరుకుపోయి రక్తం కారింది.

"పాపా, బస్ కరో!" అని, ఇక ఆపమంటూ పిల్ల తండ్రిని హిందీలో వేడుకుంటూ ఏడ్చింది.

"సార్, ఆపండి!" అని నేను అరిచాను.

"మీ తప్పేం లేదు మేడమ్. మార్కులు పెరుగుతాయని మీరు రాశారుగా. ఇదే మొద్దు!" అంటూ ఆయన మళ్ళీ స్కేలెత్తారు. తల్లి పరుగున వచ్చి అడ్డుపడితే ఆ దెబ్బ ఆవిడ మణికట్టు మీద పడింది. ఆవిడ స్కేలు లాక్కుని, "ఇంకోసారి చెయ్యెత్తావంటే పోలీసుల్ని పిలుస్తా" అంది. ఆయన బయటికి వెళ్ళిపోయారు.

నేను వెంటనే ప్రొఫైల్‌లోంచి ఆ చివరి వాక్యం తీసేశాను. తర్వాతి క్లాసుకు పిల్ల చెవి దగ్గర ప్లాస్టరుతో వచ్చింది. తల్లి పక్కనే కూర్చుంది.