కహకషాన్ ఆమోదించిన క్వెరీ

"చదువుడు తప్ప ఏం చేతగాని దానికి నీ కావలెందుకు?" అని సేటు రాజనర్సు కహకషాన్‌ను ఒకసారి అడిగాడు.

ప్రశ్న చాట్‌బాట్ గురించి. సిరిసిల్లలో ఆయనది టవళ్లు, దుప్పట్ల హోల్‌సేల్ వ్యాపారం. కోరుట్ల, జగిత్యాలలో బ్రాంచీలు. పదకొండేళ్లుగా బిల్లులు కొట్టిన కహకషాన్‌కు కొత్త పని ఇచ్చారు. సిబ్బంది తెలుగులో ప్రశ్న టైపు చేస్తే బాట్ దాన్ని క్వెరీగా, అంటే డేటాబేసుకు అర్థమయ్యే ఆదేశంగా మారుస్తుంది. ఆమె చదివి ఆమోదిస్తేనే అది అమ్మకాల డేటాబేసు మీద నడుస్తుంది. బాట్ లాగిన్‌కు చదివే హక్కు మాత్రమే ఉంది. ఒక్క అంకెను కూడా మార్చే వీల్లేదు. సేటు ధీమా అదే.

మార్చి నెలాఖరున ఆయన అడిగింది కోరుట్ల సేల్స్‌మన్ జహీర్ ఏడాది నికర అమ్మకం, అంటే వాపసు పోను మిగిలింది. ముప్పై లక్షలు దాటితే మొత్తం మీద రెండు శాతం కమీషన్.

ఇక్కడి పద్ధతి వేరు. పల్లె దుకాణాలకు ఒకే బిల్లు మీద రెండు మూడు రకాల సరుకు పంపుతారు. మిగిలింది వెనక్కొస్తే రకాలవారీగా రాయరు, బిల్లుకు ఒకే వాపసు మొత్తం వేస్తారు. బాట్ ఆ మొత్తాన్ని బిల్లులోని ప్రతి వరుసకూ జోడించి, అన్నిసార్లూ తీసేసింది. మూడు రకాలున్న బిల్లులో నాలుగు వేల వాపసు పన్నెండు వేలైంది.

కహకషాన్ పసిగట్టింది. "సేటు, వాపసు మూడుసార్లు తీస్తున్నట్టుంది. ఆపి చూస్త."

"నీకు ఎవ్వల మీద నమ్మకం లేదు, అచ్చం మా అత్త లెక్కనే! అది రాసుడు లేదు, తుడుసుడు లేదు. ఆమోదం ఒత్తు జల్ది!"

ఆయన కుర్చీ వెనకాలే నిలబడ్డాడు. ఆమె ఒత్తింది. ఒత్తకపోతే ఉద్యోగం పోయేదని చెప్పుకోవడానికీ లేదు. అలాంటి బెదిరింపేదీ రాలేదు. వాదన ఎందుకులే అనుకుంది, అంతే.

తెర మీద ఇరవై మూడు లక్షలు వచ్చింది. జహీర్‌కు కమీషన్ సున్నా.

"ఆపా, యేడాదంత రాయికల్ పల్లెల దుమ్ము తిన్న. గా మిషిన్ ఎన్నడన్న బండెక్కిందా?" అని ఫోన్లో కహకషాన్ మీద అరిచి, జహీర్ ఆ వారమే పని మానేశాడు.

ఆదివారం కహకషాన్ క్వెరీని తిరగరాయించింది. ముందు బిల్లువారీగా అమ్మకం కూడి, తర్వాత వాపసును ఒక్కసారే తీసేయించింది. నికరం ముప్పై నాలుగు లక్షలు. కాగితం సేటు ముందు పెట్టింది.

"గిప్పుడు చెప్తవా? ఆమోదం నీ పేరు మీదనే ఉన్నది గదా. మానేసినోనికి కమీషన్ ఏంది?"

ఆమోదాలు నమోదయ్యే లాగ్‌లో నిజంగానే ఆమె పేరూ, సమయమూ ఉన్నాయి. ఆ పక్కన అనుమానం రాసుకునే గడి ఉంది. అది ఖాళీగా ఉంది. డేటాబేసులో ఒక్క అక్షరం చెడలేదని సేటు ఇప్పటికీ వచ్చినవాళ్లకు గొప్పగా చెబుతాడు. ఆమె ఇప్పుడు ప్రతి క్వెరీకీ అరగంట తీసుకుంటుంది; ఆఫీసంతా ఆమెను స్పీడ్ బ్రేకర్ అంటుంది.

జహీర్‌కు రావాల్సిన కమీషన్ అరవై ఎనిమిది వేలు. రంజాన్‌కు అతను తీసుకున్న అడ్వాన్సు ఇరవై వేలు పోను, నలభై ఎనిమిది వేలు ఇంకా ఇవ్వలేదు.