పాత్ కంప్రెషన్ తీసెయ్యమన్న అక్క

స్టాఫ్‌రూమ్‌లో ఆమెకి పెట్టిన పేరు "సాగదీత మేడమ్". ప్రోగ్రామింగ్ బాగా చెబుతుంది, కానీ చిన్న సంగతి మొదలుపెట్టినా గంట కొట్టేదాకా తెమలదు. ఆ మాటకి ఆమే ముందు నవ్వేది. ఏళ్ల తరబడి తాత్కాలిక టీచరుగా నెట్టుకొచ్చిన మనిషి, నవ్వక ఏం చేస్తుంది!

ఇన్నాళ్లకి పర్మనెంట్ పోస్టు ఒకటి పడింది. డెమో పాఠం యూనియన్ ఫైండ్, అంటే ఏవేవి ఒకే గుంపువో కనిపెట్టి గుంపుల్ని కలిపే పద్ధతి. సమయం పది నిమిషాలు. స్టాఫ్‌రూమ్‌లో పక్క టేబుల్ టీచరు, తను అక్కా అని పిలిచే ఆవిడ ఎదుట రోజూ రిహార్సల్ వేసింది. అక్కంటే తోడబుట్టింది కాదు, అంతకంటే ఎక్కువ అనుకుంది పిచ్చిది.

"ల్యాబ్‌లో కంప్యూటర్లున్నాయి. ప్రతి దానికీ ఒక్క బాణం. బాణాల వెంట పోతే చివర తనవైపే తను చూసుకునేది దొరుకుతుంది, అదే గుంపు పెద్ద. ఇద్దరి పెద్దా ఒకరే అయితే ఇద్దరిదీ ఒకే గుంపు. రెండు గుంపులు కలపాలంటే ఒక గుంపు పెద్దకున్న బాణాన్ని రెండో గుంపు పెద్దవైపు తిప్పితే సరి."

"బావుంది. ఆ తర్వాత?"

"పాత్ కంప్రెషన్ అక్కా. గొలుసు పొడుగైతే ప్రతిసారీ అంత దూరం నడవాలి. అందుకే ఒకసారి పెద్దని కనుక్కున్నాక, దారిలో తగిలిన వాళ్లందరి బాణాలూ నేరుగా పెద్దవైపే తిప్పేస్తాం. మళ్లీ అడిగితే ఒక్క అడుగే."

అక్క గడియారం చూసింది. "ఇది తీసెయ్ తల్లీ. నీ సాగదీత సంగతి తెలుసుగా. అడిగితే చెప్పొచ్చు."

అక్క మాట వేదవాక్కు. తీసేసింది.

డెమో రోజున తనకంటే ముందు లోపలికెళ్లింది అక్కే. అప్లై చేసినట్టు మాట మాత్రంగానైనా చెప్పలేదు. తన వంతు వచ్చాక వెళ్లింది. బోర్డు మీద ల్యాబ్ కంప్యూటర్లు, బాణాలు, పక్కనే, అక్క తీసెయ్యమన్న ముక్కతో సహా, నేరుగా పెద్దవైపు తిరిగిన బాణాలు! తన బొమ్మే, తు.చ. తప్పకుండా.

"అది తుడిచేసి మొదలుపెట్టండి," అన్నాడు ప్రిన్సిపాల్.

సొంత పాఠాన్ని సొంత చేత్తోనే తుడిచి, మళ్లీ అదే గీసింది. ప్యానెల్ వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గొలుసు పొడుగైతే ఎలా అని అడిగారు. చెప్పింది, తప్పు లేకుండానే చెప్పింది.

"మీకంటే ముందొచ్చినావిడ మేం అడక్కుండానే చెప్పారండీ. ఉదాహరణ కూడా ఇదే," అని ప్రిన్సిపాల్ చిన్నగా నవ్వాడు. కాపీ కొట్టిందనుకున్నారని ఆమెకి అర్థమైంది. చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది. ఒళ్లంతా మండిపోయింది.

సాయంత్రానికి పోస్టు అక్కకి ఖాయమైంది. అక్క వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"మనసులో పెట్టుకోకు. నాకూ అవసరమేగా. నువ్వు అడిగుంటే అప్లై చేశానని చెప్పేదాన్నే."

ఆమె ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"అడిగానక్కా. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నిన్నే అడిగాను."